అమ్మకూ నాన్నకూ మూడు పేజీలు

"కాలర్ ఇంకోసారి నొక్కు," అన్నాడు భర్త, అద్దంలోంచే చూస్తూ.

ఆమె నొక్కింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనేమోనని, ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగానే అనేసింది. "నాకు వేరే దేశంలో ఉద్యోగమొచ్చింది. డయాలసిస్ నర్సుగానే. రెండేళ్ల ఒప్పందం."

అతను కోప్పడి ఉంటే తేలికయ్యేది. నవ్వాడు. "నువ్వా? బస్సు మారాలంటేనే నాకు ఫోన్ చేస్తావు!" చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆ మాట అత్తగారి దగ్గరికి జోకుగా చేరింది. "వెళ్దువుగాని తల్లీ, ముందు నా మోకాళ్లకి నూనె రాసి వెళ్లు," అందావిడ. తల్లీకొడుకులిద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆమె నూనె రాసింది.

పుట్టింటికి ఫోన్ చేయాలంటే భయం. ఏం చెప్పబోయినా "అల్లుడుగారేమన్నారు?" అంటాడు నాన్న. అమ్మేమో రెండు మాటలు కాగానే "నాన్నకిస్తున్నా" అంటుంది. ఉత్తరానికైతే ఎవరూ అడ్డు తగలరు. మర్నాడు ఆసుపత్రిలో బట్టలు మార్చుకునే గదిలో, బల్ల మీద కూర్చుని మొదలుపెట్టింది. 'మీరు అనుమతిస్తే' అని రాసి, కొట్టేసింది. 'తప్పుగా అనుకోకండి' అని రాసి, అదీ కొట్టేసింది. ముప్పై ఆరేళ్లొచ్చినా తన కలానికి ఇంకా వంగి నిలబడే అలవాటు పోలేదని సిగ్గేసింది. కొత్త కాగితం తీసుకుంది.

'నాన్నా, ఇది నిన్న పుట్టిన బుద్ధి కాదు. ఏడాదిన్నరగా జరుగుతోంది. భాషా పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడటం గట్టెక్కాయి గానీ రాయడంలో అరమార్కు తగ్గింది. మళ్లీ రాసి నెగ్గాను. నా చదువు నిజమేనన్న ధ్రువీకరణ మా కాలేజీ నుంచే నేరుగా అక్కడి నర్సుల మండలికి పంపించాలి. దానికి నాలుగు నెలలు తిరిగాను. ఇంటర్వ్యూ మా స్టోర్‌రూములో, అట్టపెట్టెల మధ్య ఫోన్ నిలబెట్టి ఇచ్చాను. రక్తం శుద్ధి అవుతుండగా రోగికి బీపీ పడిపోతే ఏం చేస్తావని అడిగారు. ఒంట్లోంచి నీళ్లు లాగడం ఆపేస్తాను, తల దించి కాళ్లు ఎత్తుతాను, సెలైన్ ఎక్కించి డాక్టర్ని పిలుస్తాను అన్నాను. పదకొండేళ్లుగా రోజూ చేసే పనే కదా. "చాలా బాగా చెప్పారు" అన్నారు. ఆ మాట నాకు కొత్త నాన్నా. ఫోన్ కట్టేశాక ఆ అట్టపెట్టెల మధ్యే కాసేపు కూర్చుండిపోయాను.'

రెండో పేజీలో మిగతావి రాసింది. పోలీసు ధ్రువపత్రం వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో క్షయ లేదని తేలింది. వీసా కోసం వేలిముద్రలు ఇచ్చింది. అక్కడికెళ్లిన మూడు నెలల్లో నర్సుపని చేసి చూపించే పరీక్ష నెగ్గితేనే పూర్తి నర్సు, అంతవరకూ సహాయకురాలే. 'తప్పితే ఇంకో రెండు అవకాశాలుంటాయి. ఆ తర్వాత వెనక్కి రావాల్సిందే. ఆ భయం నాకూ ఉంది.'

ఆ వారమే ఆసుపత్రిలో అసలు చిక్కు వచ్చింది. చేరినప్పుడే ఆమె అసలు సర్టిఫికెట్లు ఆసుపత్రివాళ్లు తమ బీరువాలో పెట్టుకున్నారు. ఇంట్లో చెప్పకముందే ఇచ్చిన రెండు నెలల రాజీనామా నోటీసు గడువు ముగిశాక, వాటిని అడగడానికి వెళ్తే మేనేజరు కుర్చీ చూపించకుండానే అన్నాడు: "మీవారితో ఒకసారి మాట్లాడించండమ్మా. రేపు మా మీదికి రాకూడదు కదా."

అలవాటుగా "అలాగే సార్" అనబోయి, ఆగింది. "నా సర్టిఫికెట్లు ఇవ్వడానికి నా భర్త అనుమతి కావాలని కాగితం మీద రాసివ్వండి సార్," అంది. మేనేజరు ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తరవాత బీరువా తాళాలు తెప్పించాడు.

మూడో పేజీ పైన 'అమ్మకు మాత్రమే' అని రాసింది.

'అమ్మా, ఇక్కడ నన్నెవరూ కొట్టరు, తిట్టరు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. తొమ్మిదేళ్లలో ఈ ఇంట్లో నేను గడియ పెట్టుకున్నది స్నానాలగదికే. అక్కడా అత్తయ్య తలుపు కొడతారు, పాలు పొంగుతున్నాయని. ఆయన రావాలనుకుంటే ఆరు నెలల తరవాత రావచ్చని చెప్పాను. విన్నారో లేదో. పద్దెనిమిదో తారీకున నా విమానం. మిమ్మల్ని అడగడం లేదు. చెబుతున్నాను.'

ఉత్తరం చేరాక నాలుగు రోజులు ఏ కబురూ లేదు. అయిదోరోజు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. అమ్మంతట అమ్మే.

"నాన్నకి చదివి వినిపించానే. రెండు పేజీలే. ఇంకా మాట్లాడటం లేదు, పేపరు తిరగేస్తున్నారు."

"నువ్వేమంటావమ్మా?"

ఎవరూ వినకూడదన్నట్టు, అమ్మ తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"అక్కడ వంటెవరు చేస్తారే?"

ఆమెకు ప్రాణం ఉసూరుమంది. చివరికి ఇదేనా అడగడం! "నాకు నేనే చేసుకుంటానమ్మా."

"నీ ఒక్కదానికేనా?"

"ఒక్కదానికే."

అమ్మ, ఆమె ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగింది:

"వెళ్లాక నాకు చెప్తావా? ఒక్కదానికే, తనకిష్టమైంది వండుకుంటే ఎలా ఉంటుందో?"