ఇరవై పెరిగి ఇరవై తగ్గితే

అమీర్‌పేటలో మా కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఉంది. ప్రతి మాక్ టెస్ట్ తర్వాత ప్రశ్నల లెక్కలు చూడటం నా పని. ఎంతమంది సరిగ్గా రాశారో చెప్పేది కఠినత విలువ. మొత్తం మార్కుల్లో పైనున్నవాళ్లలో ఎందరు రాశారు, కిందనున్నవాళ్లలో ఎందరు రాశారు, ఆ తేడా విచక్షణ విలువ. మంచి ప్రశ్న పైవాళ్లకు ఎక్కువగా వస్తుంది. విలువ మైనస్‌లోకి వెళ్లిందంటే ఆ ప్రశ్నలోనో, జవాబుల కీలోనో ఏదో తేడా ఉన్నట్టు.

ఆ రోజు అరిథ్‌మెటిక్‌లో నాలుగు మైనస్‌లు వచ్చాయి. నాలుగూ రాజనర్సయ్య సార్ తయారు చేసినవే.

మా అకడమిక్ హెడ్ భార్గవ్ గారు నా వెనక నిలబడి తెర చూశారు.

"ఏంటండీ అనుపమగారూ, టాపర్లంతా తప్పు, ఫెయిలయ్యేవాళ్లు రైటా? కలియుగం మన సెంటర్‌కే ముందొచ్చిందా?"

"కీ చూస్తున్నా సార్."

"చూడండి. పోయిన టెస్ట్‌లో కూడా ఆయనవే. ఇట్లాగే ఉంటే సెట్టర్‌ని మార్చేయమంది మేనేజ్‌మెంట్. సాయంత్రానికి రిపోర్టివ్వండి."

పోయినసారి వచ్చినవాటిని టైపింగ్ తప్పులనుకుని నేనే దిద్దాను. ఈసారి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఒక వస్తువు ధర ఇరవై శాతం పెరిగి, తర్వాత ఇరవై శాతం తగ్గితే చివరికి ఏమవుతుంది? కీలో 'మార్పు ఉండదు' అని ఉంది. కిందివాళ్లలో నూటికి ముప్పై ఎనిమిది మంది అదే ఎంచుకున్నారు. పైవాళ్లలో ఎనిమిది మందే. మిగతా పైవాళ్లలో దాదాపు అందరూ 'నాలుగు శాతం తగ్గుతుంది' అన్నారు. వాళ్లదే సరి.

ఊరి బడి నుంచి వచ్చి ఇక్కడ విద్యార్థిగా చేరిన మొదటిరోజు నేనూ 'మార్పు ఉండదు' అన్నాను. రాజనర్సయ్య సార్ నవ్వి, "పెరిగింది నూరు మీద బిడ్డా, తగ్గింది నూట ఇరవై మీద. పెరిగినంత తగ్గితే మొదటికి రాదు," అన్నారు. ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఆయన మొదటి లెక్క అదే.

స్టాఫ్‌రూమ్‌లో సార్ టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నారు. కాగితం ముందు పెట్టాను.

"సార్, దీని కీ ఒకసారి చూస్తరా?"

"చూసేదేముంది? మార్పుండదు. ఇరవై ఎక్కింది, ఇరవై దిగింది. నువ్వు సుత గింత చిన్నదానికి ఫికర్ చేస్తవా?"

"జర వేసి చూడుండ్రి సార్. నూరు అనుకోండ్రి."

నా ముఖం చూసి పెన్ను తీశారు. నూరు. నూట ఇరవై. నూట ఇరవైలో ఇరవై శాతం, ఇరవై నాలుగు. తొంభై ఆరు. దాన్ని కొట్టేసి మళ్లీ వేశారు. మళ్లీ తొంభై ఆరే. ముంచిన బిస్కెట్టు విరిగి టీలో పడింది. ఆయన చూడలేదు.

"గిది నేనే రాసిన్నా?"

"టైపింగ్‌ల తప్పు పడుంటది సార్. నేను దిద్దుకుంట. ఎవ్వరికీ తెల్వది."

"అబద్ధమాడకు బిడ్డా. కీ నా చేత్తోటే గుండ్రం చుట్టిన. అప్పుడు గదే రైటనిపించింది." కాగితం వెనక్కి తిప్పి చూశారు. "ఇంకెన్ని ఉన్నయ్?"

"ఇంకో మూడు."

"పోయినసారి?"

చెప్పాను.

"మొన్న పంజగుట్ట సర్కిల్ల నిలబడి, ఎర్రమంజిల్ల మా ఇంటికి ఎటు పోవాల్నో మర్చిపోయిన. ఎండకు అనుకున్న." కాగితం మడవబోయి ఆగారు. "ఈ ప్రశ్న తీసేస్తవా?"

"లేదు సార్. ప్రశ్న మంచిది. కీ మార్చి చూసిన. విచక్షణ సున్నా పాయింట్ నలభై ఎనిమిది వచ్చింది. పేపర్ మొత్తంల గిదే ఎక్కువ."

"నలభై ఎనిమిదా!" ఆయన ముఖంలో ఒక్క క్షణం పాత సార్ కనిపించారు. "మస్తుగుంది కదా. అయితే ప్రశ్న ఉంచు. భార్గవ్‌కు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. తప్పు కీతోటి పిల్లల మార్కులు పోతయ్. రేపు ఏం మర్చిపోతనో నాకే తెల్వది."

"నేనెట్ల చెప్పాలె సార్?"

"నీకు చెప్పనీకి రాదులే." బల్ల పట్టుకుని లేచారు. "నేనే చెప్త."

అద్దం తలుపు వెనక ఆయన, భార్గవ్ గారు ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. భార్గవ్ గారు కుర్చీలోంచి లేచి నిలబడటం మాత్రం కనిపించింది. బయటికి వచ్చాక భార్గవ్ గారే నాతో మెల్లగా అన్నారు: "సార్ వాళ్లబ్బాయికి ఫోన్ చేశానండీ. వచ్చి తీసుకెళ్తాడు. అప్పటిదాకా మీరు పక్కనుండండి."

నాలుగు కీలూ మార్చి అందరి మార్కులూ మళ్లీ లెక్కించాను. ప్రశ్నల బ్యాంకులో ఈ ప్రశ్న ఎదురుగా తయారు చేసినవారి పేరు రాజనర్సయ్య అనే ఉంచాను.

సార్ వరండాలో కూర్చుని కింద రోడ్డు మీది జనాన్ని చూస్తున్నారు. పక్కన కూర్చున్నాను. నా వైపు తిరిగి, "కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలైతది బిడ్డా?" అని అడిగారు.

"సోమవారం సార్," అన్నాను.

"మంచిది. మొదటి లెక్క నేనే చెప్త," అన్నారు.