లాకర్ రిజిస్టర్‌లో చివరి వరుస

"గుటకలు మింగకుండా చదువు అక్కా" అంది రియాన్. "కాగితంలో ఏముందో అది చెప్పు. నాకు దిగులేస్తుందని మార్చి చెప్పకు."

"మార్చడానికి నాకు టైమెక్కడిది? కన్ను ఇటాలియన్ మీద, నోరు ఇంగ్లిష్‌లో. ముందు ఏం వస్తుందో నాకే తెలీదు."

రియాన్ మా బాబాయి సెవెరీనో కూతురు. వేల్స్‌లో పుట్టి పెరిగింది, ఇటాలియన్ రాదు. ఇరవై ఏళ్ల కిందట, తనకి పన్నెండేళ్లప్పుడు, సెలవుల కోసం ఇక్కడికి, ఇటలీలోని మా ఊరికి, వచ్చిన బాబాయి వరదలో చేనో నది దాటబోయి కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. అక్కడ కార్డిఫ్‌లో వాళ్లమ్మ ఖాళీ శవపేటికకి చర్చిలో పూజ చేయించింది.

తొమ్మిది రోజుల కిందట మా పెదనాన్న ఎత్తోరే పోయాడు. ఆయనకీ బాబాయికీ కలిపి ఈ బ్యాంకులో ఒక లాకర్ ఉందని అప్పుడే తెలిసింది. రియాన్ విమానమెక్కి వచ్చింది. నాన్న నిజంగా పోయాడని నమ్మడానికి ఆయన వస్తువొక్కటైనా చేతిలోకి రావాలి. అంతకు మించి ఏమీ అడగలేదు.

బ్యాంకు మేనేజరు గాస్పరీని పెదనాన్న మరణ పత్రం తీసుకుని కంప్యూటర్‌లో ఎక్కించాడు. "ఈ నిమిషం నుంచి లాకర్ మూతే సిన్యోరా. నోటరీ ముందు జాబితా రాశాకే తెరవాలి. రెండో ఆయన మరణ పత్రం?"

"లేదు. శవమే దొరకలేదు."

"మరి కాగితం ప్రకారం ఆయన బతికున్నట్టే" అన్నాడు నవ్వుతూ. "ఉండండి, రిజిస్టర్ నకలు తీస్తాను. ఎవరు ఎప్పుడు తెరిచారో ఉంటుంది."

ప్రింటర్ నుంచి వేడివేడిగా వచ్చిన కాగితం చూడకుండానే నా చేతికిచ్చాడు.

చదవడం మొదలుపెట్టాను. "ఇద్దరి పేర ఉన్న లాకర్ తెరిచేవారు, రెండోవారు నేటికీ బతికే ఉన్నారని ప్రతిసారీ సంతకంతో ప్రకటించాలి..."

"ఇదేం చాదస్తం?" అంది రియాన్.

"చట్టం. పోయినవాళ్ల వాటా ఎవరూ గుట్టుగా పట్టుకుపోకుండా." కింది వరుసకి దిగాను. "రెండు వేల నాలుగు, నవంబరు రెండు. తెరిచినది ఎత్తోరే. ప్రకటన... సెవెరీనో బతికే ఉన్నాడు."

రియాన్ కుర్చీ అంచుకి జరిగింది. నవంబరు రెండు చనిపోయినవాళ్ల రోజు. ఆ పూట పెదనాన్న బాబాయి పేరున శ్మశానంలో దీపం పెట్టేవాడు. ఏటా నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాడు.

"తరువాత?"

"రెండు వేల అయిదు. బతికే ఉన్నాడు. రెండు వేల ఆరు. బతికే ఉన్నాడు." నా గొంతు నాకే వేరే ఎవరిదోలా వినిపించింది. అలా ఇరవై వరుసలు.

"అబద్ధం రాశాడేమో పెదనాన్న" అంది రియాన్. "లాకర్ తెరవడానికి."

అయ్యుండొచ్చు. అలాగే అనుకుని ఆఖరి వరుసకి వచ్చాను. నోరు ఆగిపోయింది.

"అక్కా. చదువు."

దాటేయవచ్చు. ఒక్క వరుస. రియాన్‌కి తెలీదు కూడా. కానీ అడిగింది మార్చొద్దని.

"ఈ రోజు. తెరిచినది సెవెరీనో. ప్రకటన... ఎత్తోరే బతికే ఉన్నాడు."

"ఈ రోజా?"

"లోపలికి వెళ్లిన సమయం పది అయిదు." వేలు పక్క గడిలోకి జరిపాను. "బయటికి వచ్చిన సమయం..."

గడి ఖాళీగా ఉంది.

గోడ గడియారం పది ఇరవై ఏడు చూపిస్తోంది. గాస్పరీని నా చేతిలోంచి కాగితం లాక్కుని చూశాడు. "కింద లాకర్ల దగ్గరున్న మా ఉద్యోగిని అమ్మాయికి ఎత్తోరే గారి చావు సంగతి ఎలా తెలుస్తుంది? గుర్తింపు కార్డు చూసి ఉంటుంది, తాళం తిప్పి ఉంటుంది..." అని గొణిగాడు.

రియాన్ లేచి మెట్ల వైపు నడిచింది. కింద ఇనుప గ్రిల్ మూసిన చప్పుడు. మెట్ల మీద అడుగులు, నెమ్మదిగా, ఒక్కొక్కటీ ఆగి ఆగి.

ముసలాయన పైకి వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. పెదనాన్న ముక్కు, పెదనాన్న భుజాలు. ముందు నన్ను చూశాడు, తరువాత రియాన్‌ని. చాలాసేపు దాన్నే చూశాడు. ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.

తరువాత నా చెవి దగ్గరికి వంగి ఇటాలియన్‌లో మెల్లగా అన్నాడు. ఆయన ఊపిరి మంచులా తగిలింది.

"ఏమన్నాడు?" అంది రియాన్.

ఆయన కళ్లు నన్ను బతిమాలాయి. అయినా నోరు పని ఆపలేదు, ఒక్కొక్క మాటా ఇంగ్లిష్‌లోకి దిగిపోయింది.

"నేను తప్పు చదివానని నీకు చెప్పమంటున్నాడు."

రియాన్ వెళ్లి వీధి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ఇప్పుడు ఇంగ్లిష్‌లో నువ్వే చెప్పు నాన్నా" అంది.