ఇంట్లోవాళ్ళని పిలవండి

"వాక్యాలు కాస్త నున్నగా చెయ్యండమ్మా, చాలు. రేపు ప్రింటుకెళ్ళాలి," అన్నాడు డాక్టరు ఫోన్లో ఎడిటరుతో. ఆపరేషన్ అయ్యాక ఇంటికెళ్ళే ఒంటరి రోగుల చేతిలో పెట్టే కరపత్రం అది.

మొదటిసారి చదివేటప్పుడు ఆమె కలం మూత తియ్యదు. తన ఒంటిగదిలో మంచమ్మీద రోగిలా పడుకుని చదివింది. 'కళ్ళు తిరిగితే లేవకండి. ఇంట్లోవాళ్ళని పిలవండి.'

"ఎవరండీ ఇంట్లో?" అని పిలిచి చూసింది. మూలనున్న ఫ్రిజ్ తప్ప ఎవరూ పలకలేదు.

వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది. "వాక్యాలు బానే ఉన్నాయండీ. మనిషే లేడు."

"ఏ మనిషి?"

"మీరు పిలవమన్న మనిషి. ఇది ఎవరూ లేనివాళ్ళకే కదా? ఎంత నున్నగా చేసినా వాళ్ళకి పనికిరాదు. ఎవర్ని పిలవాలో ముందు తేల్చండి, కామాల సంగతి తర్వాత."

"వార్డులో ఎప్పుడూ ఒక నర్సు ఉంటుంది. ఆ నంబరు వేద్దాం. ప్రింటు ఆపిస్తాను," అన్నాడు డాక్టరు.

ఆయనిచ్చిన నంబరు పనిచేస్తుందో లేదోనని ఆమె మంచమ్మీంచే డయల్ చేసింది.

"చెప్పండమ్మా, ఎలా ఉన్నారు?" అంది నర్సు.

ఆ మాట ఆమెను ఎవరైనా అడిగి చాలా రోజులైంది. నంబరు సరిచూడ్డానికే చేశానని చెప్పడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.