నలుగురి పేర్లా నాలుగు ప్లాట్లు

పంజాగుట్ట ఆసుపత్రిలో ఉన్న రఘురామ్‌కి రేపే గుండె ఆపరేషన్. సాయంత్రంలోగా డబ్బు కట్టాలి. భార్య వసుమతి అతని పేరు మీదున్న ప్లాటు అమ్మడానికి కాగితాలు పట్టుకుని అమీర్‌పేటకి పరిగెత్తింది.

దస్తావేజులు రాసే సాలమన్ కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టి చూశాడు. "గిది నిషేధిత జాబితాల ఉన్నదమ్మా. కోర్టు కేసు నడుస్తున్నది. రిజిస్ట్రేషన్ కాదు."

"పోనీలెండి, మా అమ్మాయి పేరు మీద ఇంకోటుంది," అంటూ ఆమె మరో దస్తావేజు తీసింది. తర్వాత అబ్బాయిది, చివరికి తనది. ఇరవై ఏళ్ల జీతంలో మిగిలిన ప్రతి రూపాయీ వాటిలోనే ఉంది. "నలుగురి పేర్లా పెట్టాను వసూ, ఒకటి పోయినా మూడుంటాయి," అని రఘురామ్ ఎన్నిసార్లు మురిసిపోయాడో!

"పేర్లే నాలుగమ్మా," అన్నాడు సాలమన్ నాలుగూ చూసి. "సర్వే నంబరు ఒక్కటే. బ్యాంకోళ్లు సుత అప్పియ్యరు. బంగారం ఏమన్న ఉన్నదా?"

"నాలుగోది కొనడానికి అదీ అమ్మేశామండీ."

ఫోన్ మోగింది. "మేడమ్, డబ్బు తెస్తున్నారా?" ఆసుపత్రి కౌంటర్‌లోని అమ్మాయి అడిగింది.

"మాకు నాలుగు ప్లాట్లున్నాయమ్మా," అంది వసుమతి.

"మరి డబ్బు ఎన్నింటికి తెస్తారు మేడమ్?" అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది.