చివరి అక్షరం

మా ఇంట్లో ఇద్దరన్నదమ్ములకూ ఒకే దేవుడి పేరు. మా నాయన పెద్ద గురుస్వామి, చిన్నాయన చిన్న గురుస్వామి. ఊళ్లో ఎవరూ పొరబడలేదు. పొరబడింది కాగితాలే. ఆధార్‌లో పెద్ద, చిన్న ఎగిరిపోయి, ఇంగ్లీషులో నాయన పేరు చివర ‘ఐ’, చిన్నాయనకు ‘వై’ పడ్డాయి. నాయన చేను పాస్‌బుక్కులోనేమో ‘పెద్ద’ లేకుండా చివర ‘వై’ ఉంది. నాయన పోయాక వచ్చిన మరణ ధ్రువపత్రంలోనూ అదే.

చేను అమ్మ పేరుకు మార్చమని దరఖాస్తు పెడితే, పేర్లు కలవడం లేదన్నారు. మార్కాపురంలో నెట్ సెంటరు వాడు, పోయినవాళ్ల ఆధార్ దిద్దడం ఎవరి వల్లా కాదు గానీ, జిరాక్సులో ఆ ఒక్క అక్షరం తాను మార్చేస్తానన్నాడు. అని పళ్లికిలించాడు. మా అమ్మ శివపార్వతి కాగితం వెనక్కి లాక్కుంది.

“చేను మనదే గదా మహేశ్వరీ. దొంగ పని ఎందుకు?”

నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాం. ఏ కాగితంలో పేరు ఎలా ఉందో అలాగే రాసి, అన్నీ ఒక్క మనిషివేనని. విచారణకు వీఆర్వో సుచరిత మా ఊరు వచ్చింది. ఇరుగుపొరుగు వాళ్లు ఆ చేను నాయనదేనన్నారు.

అప్పుడు లేచాడు చిన్నాయన. నాయన దినాల్లో మా అమ్మ చేతి కూడు తిన్న మనిషి. తన ఆధార్ తీసి పాస్‌బుక్కు పక్కన పెట్టాడు.

“చూడమ్మా, అక్షరం అక్షరం నాదే. చేను నాది.”

నాకు ఒళ్లంతా జుగుప్స పుట్టింది. అన్నం పెట్టిన చేతినే కొరికే రకం ఇంట్లోనే ఉంటుందని వినడమే గానీ చూడలేదు.

సుచరిత మరణ ధ్రువపత్రం కూడా తీసి, ఆ రెండింటి పక్కన పరిచింది.

“దీంట్లో కూడా మీ అక్షరాలే ఉండాయి పెద్దాయనా. పేరును బట్టే అయితే చచ్చిపోయింది కూడా మీరే. అట్లనే రాయమంటారా?”

చిన్నాయన మొహం నల్లబడింది. అలా రాస్తే తన పింఛను ఆగిపోతుందా అని అడిగాడు. చనిపోయినవాళ్లకు పింఛను ఉండదని ఆమె చెప్పింది.

దాంతో చిన్నాయన కాగితం అడిగి, చేను అన్నదేనని సాక్షి సంతకం పెట్టాడు. మరణ ధ్రువపత్రంలో ‘పెద్ద’ చేర్పించడానికి పంచాయతీ సెక్రటరీ ఇద్దరి సాక్ష్యం అడిగితే, అందులోనూ ముందు నిలబడ్డాడు. చేను అమ్మ పేరుకొచ్చింది.

ఆయన రాసిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అన్న పోయి ఇన్నాళ్లయినా ఆయన నోటి నుంచి రాని ‘మా అన్న’ అనే మాట, పింఛను కోసం వచ్చింది. దాని కిందున్న సంతకం చూసినప్పుడల్లా నాకు చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది.