తెల్ల చొక్కా, మట్టి తాబేలు

ముప్పై ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీసి బతుకుతున్నవాణ్ణి నేను. మా తమ్ముడి భార్య ఒక ఫోనూ నాలుగు రంగుల మట్టిముద్దలూ ముందేసుకుని సినిమా తీస్తానంటే నవ్వు రాదూ?

"ఫోనుతోనా?" అన్నాను.

"ఫోనుతోనే బావగారూ."

పిల్లల పళ్ల డాక్టరమ్మ ఒకావిడ, తన ఆసుపత్రిలో కూర్చునే పిల్లల కోసం ఇరవై సెకన్ల బొమ్మ సినిమా అడిగింది. మట్టి తాబేలు పళ్లు తోముకోవాలి. శుక్రవారం సాయంత్రం చూసి, నచ్చితే ఇంకో పదకొండు చేయిస్తానంది. అదే జరిగితే మా మరదలు ట్యూషన్లు మానేసి ఈ పనే చేసుకోవచ్చు. అసలు తాబేలుకి పళ్లే ఉండవని ఆ డాక్టరమ్మకి ఎవరూ చెప్పినట్టు లేదు.

వెనక గది అవతారం చూడాలి. ఎండ మారితే తాబేలు రంగు మారిపోతుందట, కిటికీ నిండా నల్ల కాగితం. రెండు లైట్లు, ఒక్క అంగుళం కదిలినా తెలిసేలా వాటి చుట్టూ నేల మీద టేపు గుర్తులు. ట్రైపాడ్ కాళ్లకీ టేపే, అది చాలక మధ్యలో ఇసుక సంచి. ఫోకస్సూ వెలుతురూ ఫోనులో లాక్ చేసేసింది. ఫోనుకి వేలు తగిలితే కదులుతుందని చేతిలో చిన్న రిమోటు. సెకనుకి పన్నెండు ఫొటోలు, మొత్తం రెండువందల నలభై. బ్రష్షు పట్టిన మట్టి చేతిని వెంట్రుకవాసి జరపాలి, పక్కకి తప్పుకోవాలి, నొక్కాలి. మళ్లీ జరపాలి. ఆ లెక్కన నేను పెళ్లి తీస్తే వధూవరులకి మనవలు పుట్టేస్తారు.

వీటన్నిటినీ మించింది ఆవిడ వేషం. నాలుగు రోజులూ డ్రెస్సు మీద మా తమ్ముడి పాత నల్ల చొక్కానే. నేనైతే ఏ పనికెళ్లినా మడత నలగని తెల్ల చొక్కాలోనే వెళతాను. వృత్తికి ఆమాత్రం గౌరవం ఉండొద్దూ!

శుక్రవారం పదకొండింటికి బడి నుంచి ఫోనొచ్చింది. వాళ్ల పాపకి జ్వరం. తమ్ముడు పనిమీద ఊళ్లో లేడు. అప్పటికి నూట తొంభైరెండు ఫొటోలు అయ్యాయి.

"ఇంకా నలభై ఎనిమిది ఉన్నాయి బావగారూ. తీసి పెడతారా? స్క్రీను మీద ముందు ఫొటో లీలగా కనిపిస్తుంది, దాన్నిబట్టి జరపండి." చొక్కా విప్పి కుర్చీ మీద వేసింది. "ఇది వేసుకోండి, మర్చిపోకండేం!"

ఆ చెమట చొక్కా నేను వేసుకోవడమా! దాన్ని మేకుకి తగిలించి పని మొదలుపెట్టాను. గంటన్నరలో అయిపోయింది. ఒక్కో ఫొటో చూస్తే ముత్యంలా ఉంది. దీనికోసమా నాలుగు రోజులు పట్టిందీవిడకి, అనుకున్నాను.

మరదలు పాపని తీసుకొచ్చి, మందు వేసి పడుకోబెట్టి వచ్చి, ఫొటోలన్నీ వరసగా ఆడించింది. పదహారు సెకన్లు తాబేలు హాయిగా పళ్లు తోముకుంది. ఆ తర్వాత దాని మొహం తెల్లబడుతూ నల్లబడుతూ, పాడైన ట్యూబులైటులా మిణుకుమంది.

"చెప్పానా, ఫోనుతో ఇంతే," అన్నాను.

ఆవిడ నన్ను బల్లకి ఆనించి నిలబెట్టి ఒక ఫొటో, గుమ్మం దాకా వెనక్కి పంపి ఒక ఫొటో తీసి పక్కపక్కన చూపించింది. మొదటిదాంట్లో తాబేలు బుగ్గ తెల్లగా మెరుస్తోంది.

"లైట్ల వెలుగు మీ తెల్ల చొక్కా మీద పడి తిరిగి తాబేలు మీద కొడుతోంది. మీరు నొక్కిన ప్రతిసారీ ఒకే చోట నిలబడలేదు కదా."

నా తల కొట్టేసినట్టయింది. పెళ్లికూతురి మొహం వెలగడానికి ముప్పై ఏళ్లుగా తెల్ల అట్ట పట్టిస్తున్నది నేనే. అదే అట్టని ఒంటికి తొడుక్కుని బల్ల చుట్టూ తిరిగాను. ఆవిడ నాలుగు రోజుల కష్టం నా ఇస్త్రీ మడత పాలైంది. డాక్టరమ్మ ఆరింటికి వస్తుంది. అప్పుడు రెండున్నర.

మరదలు ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది. నా నలభై ఎనిమిదీ తీసేసి, నూట తొంభైరెండో ఫొటోకి సరిపోయేలా తాబేలుని మళ్లీ సర్దడం మొదలుపెట్టింది. నేను మేకు మీది చొక్కా అందుకున్నాను. పొట్ట దగ్గర రెండు గుండీలు పట్టలేదు.

"రిమోటు ఇలా ఇవ్వమ్మా. నువ్వు జరుపు, నేను ఇక్కణ్ణించి కదలకుండా నొక్కుతాను," అన్నాను.

అయిదున్నరకి అయిపోయింది. ఆరింటికి డాక్టరమ్మ రెండుసార్లు చూసి, మూడోసారి నిద్రలేచి వచ్చిన పాపని పక్కన కూర్చోబెట్టుకుని చూసింది. మిగతా పదకొండూ ఎప్పుడిస్తారని అడిగింది. తర్వాత గోడ మీద నేను తీసిన పెళ్లి ఫొటోలు చూసి నావైపు తిరిగింది.

"మీరు పెద్ద ఫొటోగ్రాఫరట కదండీ. ఇది మీరు తీసిందేనా?"

మరదలు నావైపు చూసింది. పొట్ట మీద పట్టని గుండీని సర్దుకున్నాను.

"లేదమ్మా," అన్నాను. "నేను నల్ల చొక్కా వేసుకున్నాను, అంతే."