కరెంటు పొయ్యి మీద గారెలు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, అరవై మంది ఆడపిల్లలు, వాళ్లలో కొందరి అమ్మానాన్నలు చూస్తుండగా, హాస్టల్ యజమాని గోవర్ధన్ ఒక గారెను రెండుగా విరిచి బాలనర్సమ్మ ముందు పెట్టాడు. పైన నల్లగా ఉంది. లోపల పచ్చి పిండి జిగురుగా సాగింది. పట్టుకున్న వేళ్ల మీదుగా నూనె కారింది.

"ముసల్దానివైనవ్, బాలనర్సమ్మా. ఇగ నీతోటి కాదు," అన్నాడు.

హుజూర్‌నగర్ నుంచి కూతురు సరితను చూడ్డానికొచ్చిన తల్లి పక్కనే నిలబడి ఉంది. ఆమె తల అటు తిప్పుకుంది. అది చూసినప్పుడే బాలనర్సమ్మకు కోపం భగ్గుమంది. తిట్టినందుకు కాదు, ఆ తిట్టు నిజమేనన్నట్టు ఆ తల్లి తల తిప్పుకున్నందుకు.

బాలనర్సమ్మది చివ్వెంల. యాభై రెండేళ్లు. రోజూ తెల్లవారుజామున మొదటి బస్సెక్కి సూర్యాపేటకొచ్చి, ఆ హాస్టల్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. ఆదివారం గారెలూ కోడికూరా ఆమె పెట్టిన ఆనవాయితీయే. ఇంటికి వెళ్లిన పిల్లలు కూడా ఆ గారెల కోసం శనివారం సాయంత్రానికే తిరిగొచ్చేవాళ్లు.

ఆ ఏడు, రెండు వేల పన్నెండులో, దసరా ముందు ఇంటికి ఏడాదికి ఆరు సిలిండర్లకే సబ్సిడీ అన్నారు. గోవర్ధన్ అన్నాళ్లూ తన ఇంటివీ చుట్టాల ఇళ్లవీ సిలిండర్లు తెచ్చి హాస్టల్లో వాడేవాడు. ఇక ఎవరూ ఇవ్వలేదు. ఇంటి సిలిండర్లు హాస్టల్లో వాడుతూ పట్టుబడతామని భయం కూడా పట్టుకుంది. శనివారం సాయంత్రం బజారుకెళ్లి రెండు కరెంటు పొయ్యిలు తెచ్చాడు. దుకాణంలో వాళ్లు గ్లాసెడు నీళ్లు పెట్టి నిమిషంలో మరిగించి చూపించారట. దాన్నే పదిసార్లు చెప్పుకున్నాడు. అడుగు గుండ్రంగా ఉన్న పెద్ద ఇనుప మూకుడు ఆ పొయ్యి పైనుండే చదును అద్దం మీద కూర్చోదని, అక్కడే రెండు పలుచని స్టీలు గిన్నెలు కూడా కొన్నాడు. తెల్లారి గారెలు వీటి మీదే వేయమన్నాడు. ఒక్కసారి చూసుకుంటానని బాలనర్సమ్మ అడిగితే, చూసేదేముంది, మీట నొక్కడమేగా అని నవ్వాడు.

అలా వేసిన గారెలవి.

బాలనర్సమ్మ ఆ పూట కోడికూర వడ్డించింది, గిన్నెలు తోమించింది, బస్సెక్కింది. ఇంటికి చేరాక కూడా ముసల్దానివైనవ్ అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. పని మానేద్దామనుకుంది. మానేస్తే ఆ మాటే నిజమైపోతుందని తోచి, పళ్లు కొరుక్కుంటూ పడుకుంది.

సోమవారం మధ్యాహ్నం వంట కాగానే ఆమె కృప ఇంటికి వెళ్లింది. కృప హాస్టల్లోనే కూరగాయలు తరుగుతుంది. పాతికేళ్ల పిల్ల. నెల రోజులుగా ఆమె ఇంట్లో కూడా అలాంటి పొయ్యే ఉంది. భర్త జాన్ తెచ్చాడు. బాలనర్సమ్మ కొంగులో మూటకట్టి తెచ్చిన పిండి ముద్దను గట్టు మీద పెట్టి, ముందు పొయ్యి వెలిగించమంది.

"వెలగదు పెద్దమ్మా. మంటే ఉండది. గిన్నెనే వేడైతది," అంది కృప.

హాస్టల్‌లాంటిదే పలుచని గిన్నె పెట్టి నూనె పోశారు. బాలనర్సమ్మ ముక్కాలిపీట లాక్కుని ముందే కూర్చుంది. తొమ్మిదేళ్లలో ఎన్నడూ నూనె కాగేదాకా కూర్చున్నది లేదు. గ్యాసు మీద పెద్ద మూకుడు నిండా నూనె పోసి, పిండి కలుపుకుని, ఉల్లిపాయలు వేసుకుని, గారెలు తట్టే ఆకులు కడుక్కుని వచ్చేసరికి పావుగంట. అప్పటికి నూనె సరిగ్గా వచ్చి ఉండేది. ఇక్కడ చిటికెడు పిండి వేస్తూ చూసింది. మొదట అడుగునే ఉండిపోయింది. ఐదారు నిమిషాలకే పిండి అడుగు తాకి, బుడగలతో వెంటనే పైకి తేలింది. అప్పుడే నూనె తయారు. ఆదివారం తను పావుగంటకు తిరిగి వచ్చింది. నూనె పొగలు కక్కుతోంది. పొయ్యి కుయ్యిమని తనంతట తనే ఆగిపోయి ఉంటే, మళ్లీ మీట నొక్కి పన్నెండు గారెలు వేసింది.

"నిమిషంల నల్లగైనయి గదా," అంది కృప మెల్లగా.

బాలనర్సమ్మ నాలుగు గారెలు వేసింది. రంగు తిరగబోతుండగా ఆమె చేయి అలవాటుగా ముందుకు వెళ్లి మీట నొక్కి వేడి తగ్గించింది. గ్యాసు మీద ఎప్పుడూ అంతే. ఎర్రబడక ముందే మంట తగ్గించాలి. మందపాటి ఇనుప మూకుడు వేడిని పట్టుకుని ఉంటుంది, మంట తగ్గినా నూనె మెల్లగానే చల్లారుతుంది, ఆ మిగిలిన వేడికే గారె లోపలిదాకా కాలుతుంది. కానీ ఇక్కడ మీట నొక్కిన మరుక్షణం నూనె మూగబోయింది. బుడగలు చచ్చాయి. కాసేపటికి పొయ్యి మళ్లీ బుస్సుమంది, మళ్లీ ఆగింది. తక్కువలో పెడితే అది ఆగి ఆగి పనిచేస్తోంది. పలుచని గిన్నెలో దాచుకునే వేడే లేదు. అది ఆగినప్పుడల్లా నూనె చల్లారుతోంది, గారె నూనె తాగుతోంది. పైగా మధ్యలోవి ఎర్రబడితే అంచునున్నవి తెల్లగా ఉన్నాయి. గ్యాసు మంట మూకుడు పక్కల మీదికి కూడా పాకేది. ఇది అడుగునే కాలుస్తోంది, అదీ మధ్యలోనే.

ఆ నాలుగు గారెలనూ ఆమె విరిచి చూసింది. లోపల పిండే.

కోపం తగ్గలేదు కానీ కొంత తన మీదికీ తిరిగింది. నూనెను వదిలేసి వెళ్లింది తనే. ముందుగా వేడి తగ్గించింది తనే. ఆ పొయ్యిని గ్యాసు పొయ్యి అనుకుంది తన చెయ్యే. ఈ సంగతి ఒప్పుకోవడం ఆ గారె మింగినంత కష్టమైంది. కానీ ఒక్కరోజు, ఒక్క పూట చూసుకోనిస్తే ఇదంతా తెలిసేది. అడిగింది కదా. అడిగితే నవ్వాడు కదా.

"ఇంకో గిన్నె తీయి బిడ్డా," అంది.

ఇంట్లో చదును అడుగున్న మందపాటి ఇనుప పెనం ఒకటి ఉంది, లోతైనది. దాంట్లో మళ్లీ మొదలుపెట్టారు. ఇది కాగడానికి కాస్త ఎక్కువ సేపు పట్టింది. కాగాక మాత్రం వేడి అడుగంతా సమంగా పరచుకుంది. గారెలు వేయగానే నూనె కొంచెం చల్లబడితే, మీట పెంచి, మళ్లీ బుడగలు లేచాక ఒక్క మెట్టు మాత్రమే దించింది. పొయ్యి మీద వెలిగే అంకెను నమ్మలేదు. అది గిన్నె కింది అద్దం వేడి చెబుతోంది గానీ నూనె వేడి కాదని రెండు వాయిలకే అర్థమైంది. పిండి చిటికెనే నమ్మింది. ఐదో వాయికి గారె విరిస్తే లోపల దూదిలా ఉంది, పైన కరకరలాడింది. కృప ఒకటి తిని, గ్యాసు మీదలాగే ఉందంది. ఉంది. కానీ ఆరు కంటే ఎక్కువ వేస్తే ఆ పొయ్యి నూనెను మళ్లీ లేపలేకపోతోంది. హాస్టల్లో గ్యాసు మీద ఒక్క వాయికి పదిహేను.

మరుసటి ఆదివారం ఆమె ఆ పెనాన్నే చేతసంచిలో పెట్టుకుని హాస్టల్‌కు వెళ్లింది. రెండు పొయ్యిలు ఒకేసారి వేస్తే ఫ్యూజు కొట్టేసింది. ఒక్కదాని మీదే, ఆరు ఆరుగా, నూట ఇరవై గారెలు. ఆరున్నరకు మొదలుపెట్టింది. నీళ్లు తాగడానికి కూడా లేవలేదు. ఏడున్నరకు కరెంటు పోయింది. పెనంలో ఉన్న వాయి మరో నిమిషంలో తీయాల్సిందే. ఇనుము వేడికి అది పూర్తయింది. తర్వాతి వాయి వేయడానికి వీల్లేదు. పళ్లెంలో అరవై ఉన్నాయి. మనిషికొకటి.

ఎనిమిదింటికి పిల్లలు వరుసకట్టారు. గోవర్ధన్ లోపలికొచ్చి, ఇంకా కాలేదా అని గొంతు పెంచాడు. పిల్లల ముందు, మళ్లీ.

బాలనర్సమ్మ జల్లిగంటె పక్కన పెట్టింది. లేచి, పళ్లెంలోంచి ఒక గారె తీసి, అతని ఎదుట రెండుగా విరిచింది. లోపల తెల్లగా, పొడిగా ఉంది.

"తిను సారు," అంది.

అతను తినలేదు. ఆలస్యం సంగతి ఏమిటన్నాడు.

"పొయ్యి తప్పు గాదు. మొన్న గారెలు పాడైనయి, అండ్ల సగం తప్పు నాది. నూనె ఇడిసిపెట్టి పోయిన, ముంగల్నే వేడి తగ్గించిన. గ్యాసు లెక్క అనుకున్న. తెలుసుకున్న, నా సగం దిద్దుకున్న. తక్కిన సగం నీది. పల్సటి గిన్నె తెచ్చినవ్, ఒక్క పూట సూస్కోనియ్యలే. అరవై మందికి ఈ చిన్న పొయ్యి సాలదు, కరెంటు పోతే గింతే సంగతి. సూస్కుంటనని అడిగితే నవ్వినవ్. పది మందిల నన్ను ముసల్దన్నవ్. నీ సగం ఎప్పుడు దిద్దుకుంటవ్?"

తొమ్మిదేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనలేదు. గోవర్ధన్ మొహం ఎర్రబడింది. సరే, పొరపాటైంది, లోపలికొచ్చి మాట్లాడదాం పద అన్నాడు.

"లోపల అన్నవా ఆ మాట?"

వరుసలో హుజూర్‌నగర్ పిల్ల సరిత ఉంది. బాలనర్సమ్మ ఆ పిల్లను పిలిచి, మీ అమ్మకు ఫోను కలిపి సారుకియ్యమంది. పిల్ల భయంభయంగా కలిపి ఇచ్చింది. గోవర్ధన్ ఫోను పట్టుకుని, పోయిన ఆదివారం గారెలు పాడవడం వంటమనిషి చేతగాక కాదని, కొత్త పొయ్యి చెప్పాపెట్టకుండా పెట్టింది తానేనని, అలా అనకుండా ఉండాల్సిందని అన్నాడు. మెల్లగా అన్నాడు. అయినా ముందు వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడింది.

ఆ వారంలోనే హాస్టల్ పేరు మీద పెద్ద సిలిండర్ కనెక్షన్ తీసుకున్నాడు. కరెంటు పొయ్యి పాలకూ చాయకూ ఉంచారు. ఆ పనికి అది బాగుందని, మంట దగ్గర నిలబడే పని లేదని బాలనర్సమ్మే చెప్పింది. గారెలు మాత్రం పాత మూకుట్లో, పదిహేను పదిహేనుగా.

తర్వాతి ఆదివారం గోవర్ధన్ వంటింట్లోకి వచ్చి, గారెలు మంచిగైనయి బాలనర్సమ్మా అన్నాడు. ఆమె తలెత్తలేదు. అతను వెళ్లాక కృప, కోపం ఇంకా పోలేదా పెద్దమ్మా అని అడిగింది.

"పోలే," అంది బాలనర్సమ్మ, తర్వాతి వాయి నూనెలోకి జారవిడుస్తూ. "పోయినప్పుడు పోతది."